గుమ్మడికాయల దొంగ భుజాలు

అదొక నెట్‌వర్కింగ్ పరీక్ష. తెర మీద ప్రశ్న పన్నెండు వరుసలుంది. ఒక కంపెనీకి మూడు బ్రాంచీలు, రెండు రౌటర్లు. మధ్యలో ఒక లింకు తెగింది. దేన్ని ఎలా మారిస్తే పని మళ్లీ నడుస్తుందో చెప్పాలి. కింద ఐదు జవాబులున్నాయి. అన్నీ చదవడానికే నలభై సెకన్లు పడుతుంది. ఒక అభ్యర్థి తొమ్మిది సెకన్లలో జవాబు పెట్టి ముందుకు వెళ్లాడు. జవాబు సరైనదే. అతని జేబులో చీటీ లేదు, పక్కవాడి తెర వైపు చూడలేదు, కెమెరాకు అనుమానించదగ్గది ఏదీ కనబడలేదు. కానీ ఆ తొమ్మిది సెకన్లు మాత్రం రికార్డయ్యాయి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనకో సామెత. బూడిద గుమ్మడికాయను మోస్తే తెల్లటి పొడి భుజానికి అంటుకుంటుంది. దొంగతనాన్ని ఎవరూ చూడకపోయినా పొడి మిగిలే ఉంటుంది. బయటికి పొక్కిన ప్రశ్నలు బట్టీపట్టి పరీక్ష రాసినవాడి భుజం మీదా అలాంటి పొడి ఉంటుంది. హైదరాబాద్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేసిన ఎవరినడిగినా ఆ ప్రశ్నల పేరు చెబుతారు: డంప్స్. "అన్నా, లేటెస్ట్ డంప్స్ ఉన్నాయా?" అని అడగడం అక్కడ స్టడీ మెటీరియల్ అడిగినంత మామూలు మాట. ఆ పొడిని గుర్తుపట్టడం నేర్చుకోవడానికి పరీక్షలు పెట్టేవాళ్లకు దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

ఇద్దరికీ ఒకే తప్పు

కథ 1927లో మొదలవుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చార్లెస్ బర్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే తరహా పరీక్షలు అప్పుడప్పుడే వస్తున్నాయి. దిద్దడం తేలికే, కాపీ కొట్టడం కూడా తేలికే. వ్యాసాల్లో అయితే వాక్యాలు కలిస్తే పట్టుబడతారు. ఇక్కడ సరైన జవాబు చదువుకున్న అందరికీ ఒకటే కాబట్టి కలవడంలో వింత లేదు.

బర్డ్ సరైన జవాబులను వదిలేసి తప్పులను చూశాడు. ఒప్పు ఒక్కటే ఉంటుంది, తప్పులు చాలా ఉంటాయి. ఇద్దరు ఒకే ప్రశ్నలో తప్పు చేయడం మామూలే. కానీ ఇరవై ప్రశ్నల్లో ఇద్దరూ తప్పు చేసి, ఇరవైలోనూ ఒకే తప్పు జవాబును ఎంచుకుంటే? అనుమానం లేని పేపర్లను ఏవో రెండేసి చొప్పున జతచేసి, ఎన్ని తప్పులు కలుస్తున్నాయో లెక్కపెట్టాడు. మామూలుగా ఎంత కలుస్తాయో తేలాక, అనుమానం ఉన్న జత దానికి ఎంత దూరంలో ఉందో చూశాడు. కాపీ కొడుతుండగా చూసిన సాక్షి అక్కర్లేకుండా, జవాబుల పత్రమే సాక్ష్యం చెప్పడం అక్కడ మొదలైంది.

లెక్క సాక్ష్యం చెబుతుంది సరే, దానికి కోర్టులో ఎంత విలువ? 1980లలో అమెరికాలో ఒక కేసు ఈ సంగతి తేల్చింది. అలబామా విద్యార్థి ఒకడికి కాలేజీ ప్రవేశపరీక్ష ఏసీటీలో మొదటిసారి 10 వచ్చింది, కొన్ని నెలల తర్వాత 20 వచ్చింది. అంత పెరిగిందేమని సంస్థ ఆరా తీసింది. అతని జవాబులు దగ్గర్లో కూర్చున్నవాడి జవాబులతో కలిసిన తీరు మామూలుగా లేదని తేల్చి మార్కులు రద్దు చేసింది. అతను కోర్టుకెళ్లాడు. 1989లో అప్పీలు కోర్టు సంస్థ వైపే నిలిచింది. ఆ కేసులో చూడాల్సింది కుర్రాడు కాపీ కొట్టాడా లేదా అని కాదు. దరఖాస్తు మీద సంతకం పెట్టినప్పుడు, అనుమానం వస్తే మార్కులు రద్దుచేసే హక్కును అతనే సంస్థకు ఇచ్చాడు. ఆ హక్కును సంస్థ నిజాయితీగా వాడుకుందా అన్నదొక్కటే ప్రశ్న.

ఈరోజు సర్టిఫికేషన్ పరీక్ష మొదలయ్యే ముందు తెర మీద ఒక ఒప్పందం వస్తుంది. ప్రశ్నలు ఎవరికీ చెప్పను, ముందే సంపాదించిన ప్రశ్నలతో రాయను, నియమం తప్పితే చర్యకు ఒప్పుకుంటాను అని ఉంటుంది. చాలామంది చదవకుండానే 'యాక్సెప్ట్' నొక్కేస్తారు. నేరం రుజువైతే తప్ప ఎవరూ ఏమీ చేయలేరనే ధీమా ఆ నొక్కుతోనే పోతుంది. అది క్రిమినల్ కేసు కాదు, ఒప్పందం.

రోజూ పరీక్ష పెడితే

బర్డ్ పట్టుకున్నది పక్కవాడిని చూసి రాసేవాణ్ని. ప్రశ్నలను ముందే చూసి వచ్చేవాడి సంగతి వేరు. అందరూ ఒకే రోజు, ఒకే పేపరు రాసినంతకాలం ఆ బెడద తక్కువ. పరీక్షకు ముందే ప్రశ్నపత్రం బయటికి పోతే తప్ప ఇబ్బంది లేదు.

1993లో జీఆర్‌ఈ కంప్యూటర్ మీదికి వచ్చింది. అభ్యర్థి జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారేది. ఎప్పుడంటే అప్పుడు స్లాట్ తీసుకుని రాయొచ్చు. అభ్యర్థికి ఎంతో సౌకర్యం, కానీ ఒక చిక్కు ఉంది. రోజూ పరీక్ష ఉంటే రోజూ కొత్త ప్రశ్నలు తయారుచేయడం ఎవరి వల్లా కాదు. ఒక ప్రశ్న రాయాలి, నిపుణులు చూడాలి, మార్కులు లేకుండా వందలమంది మీద ప్రయోగించి ఎంత కష్టమో తేల్చాలి, ఆ తర్వాతే అది క్వశ్చన్ బ్యాంకులోకి ఎక్కుతుంది. అంత శ్రమతో తయారైన ప్రశ్న నెలల తరబడి తిరగాల్సిందే. సోమవారం రాసినవాడికి వచ్చిన ప్రశ్న గురువారం రాసేవాడికీ రావచ్చు.

1994 చివర్లో కప్లాన్ అనే కోచింగ్ సంస్థ ఇదే నిరూపించింది. తన ఉద్యోగులను అభ్యర్థుల్లా పంపి పరీక్ష రాయించింది. వాళ్లు బయటికొచ్చి గుర్తున్న ప్రశ్నలన్నీ రాశారు. వాటిని కలిపితే బ్యాంకులో పెద్ద భాగమే పోగైంది. దాన్ని పరీక్ష నిర్వహించే ఈటీఎస్ ముందు పెట్టి, మీ పద్ధతిలో లొసుగు ఇదీ అని చూపించింది. ఈటీఎస్ కొన్నాళ్లు పరీక్షలు తగ్గించి, కప్లాన్ మీద కేసు వేసింది. కొందరు మనుషుల జ్ఞాపకశక్తి చాలు, తాళం వేసిన బ్యాంకు ఖాళీ అయిపోతుందని అందరికీ అర్థమైంది.

ఆ దశాబ్దం ముగిసేసరికి నావెల్, మైక్రోసాఫ్ట్, సిస్కో లాంటి కంపెనీల సర్టిఫికేషన్ పరీక్షలు ఊరూరా టెస్టింగ్ సెంటర్లలో నడుస్తున్నాయి. ఉద్యోగాలు, జీతాలు ఆ కాగితం మీద ఆధారపడ్డాయి. కాబట్టి ప్రశ్నలకు ధర వచ్చింది. 2002లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక వ్యక్తి మైక్రోసాఫ్ట్ పరీక్షల ప్రశ్నలను, జవాబులను వెబ్‌సైట్లలో అమ్మినందుకు వ్యాపార రహస్యాలు దొంగిలించిన నేరాన్ని కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ డబ్బుతో ఫెరారీ కారు కొన్నాడు, ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది.

కానీ అమ్మేవాడిని పట్టుకుంటే సరిపోదు. ఒక సైటు మూతపడితే మరొకటి తెరుచుకుంటుంది. కొన్నవాళ్లు అప్పటికే పాసై ఉద్యోగాల్లో చేరిపోయి ఉంటారు. వాళ్లెవరో తేలేది ఎలా? ఈ ప్రశ్నతో 2003లో కేవియన్ అనే సంస్థ పుట్టింది. దాన్ని స్థాపించినవారిలో నావెల్ పరీక్షలు నడిపిన డేవిడ్ ఫాస్టర్, ఈటీఎస్‌లో చిరకాలం పనిచేసిన జాన్ ఫ్రెమర్ ఉన్నారు. జవాబుల రికార్డుల నుంచి మోసాన్ని వెతికే ఈ పనికి డేటా ఫోరెన్సిక్స్ అనే పేరు స్థిరపడింది.

గడియారం చెప్పే సాక్ష్యం

కాగితం మీద రాసే పరీక్షలో లేనిది, కంప్యూటర్ పరీక్షలో ఉన్నది ఒకటుంది. ప్రతి ప్రశ్న మీద ఎన్ని సెకన్లు గడిపారో దానికి తెలుసు. మొదట్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. వేగంగా రాసినంత మాత్రాన మోసమనలేం కదా, కొందరి వేగమే అంత.

ఇక్కడ దారి చూపినవాడు నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయానికి చెందిన విమ్ వాన్ డర్ లిండెన్. 2006లో ఆయన ఒక నమూనా ప్రచురించాడు. దాని సారం చాలా సాదా. ప్రతి ప్రశ్నకూ తనదైన బరువు ఉంటుంది: పొడవైనది, లెక్కలున్నది అందరి దగ్గరా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ప్రతి మనిషికీ తనదైన వేగం ఉంటుంది: చురుకైనవాడు అన్నిచోట్లా చురుకే, నిదానస్తుడు అన్నిచోట్లా నిదానమే. ఈ రెండూ తెలిస్తే, ఫలానా మనిషికి ఫలానా ప్రశ్నకు సుమారుగా ఎంతసేపు పట్టాలో ముందే అంచనా వేయొచ్చు. 2008లో ఆయన జీమ్యాట్ నిర్వహించే సంస్థకు చెందిన ఫాన్‌మిన్ గువోతో కలిసి, ఆ అంచనాకు అసలు సమయానికి మధ్య తేడా నుంచి అసహజమైన పోకడలను పట్టే పద్ధతి ప్రచురించాడు.

ఇక్కడ అనుమానం వచ్చేది వేగం మీద కాదు, వేగంలోని అతుకు మీద. డంప్స్ చదివినవాడు కొన్ని ప్రశ్నల్లో మెరుపులా ఉంటాడు, కొన్నింట్లో నత్తలా ఉంటాడు. ప్రశ్న కష్టానికీ అతని సమయానికీ పొంతన ఉండదు. నలభై సెకన్ల ప్రశ్నకు తొమ్మిది సెకన్లు, పదిహేను సెకన్ల ప్రశ్నకు రెండు నిమిషాలు. తెలివితేటల వల్ల అలాంటి తీరు రాదు, ముందే చూసి ఉండటం వల్ల వస్తుంది.

మరి తెలివైనవాడు కావాలనే ఆగి, ప్రతి ప్రశ్న మీదా ఒక నిమిషం కూర్చుంటే? కొందరు నిజంగానే అలా కూర్చోమని సలహా ఇస్తారు. అది ఇంకో రకం పొడి. నిజంగా ఆలోచించేవాడి సమయం ప్రశ్నతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. నటించేవాడి సమయం ఏ ప్రశ్నకైనా ఒకేలా ఉంటుంది. పల్లం, మిట్ట లేని దారిని ప్రకృతి వేయదు.

దొంగకు తేలు కుట్టినట్టు

గడియారంతో పాటు ఇంకో ఉపాయం పుట్టింది. దొంగతనం ఆపలేమని తెలిసినప్పుడు దొంగ సంచిలో మనమే ఒక వస్తువు వేయొచ్చు. పరీక్షలో కొన్ని ప్రశ్నలు పెడతారు, వాటికి మార్కులుండవు. వాటి జవాబు చాలా తేలిక, విషయం తెలిసినవాడు తప్పడు. కానీ లోపల భద్రపరిచిన జవాబుల పట్టికలో కావాలనే తప్పు జవాబు రాసి ఉంచుతారు. ప్రశ్నలను పట్టికతో సహా ఎవరైనా దొంగిలించి అమ్మితే, ఆ తప్పు కూడా డంప్‌లోకి ఎక్కుతుంది. దాన్ని బట్టీపట్టినవాడు తేలికైన ప్రశ్నలో వింత తప్పు చేస్తాడు, అదీ సరిగ్గా ఆ తప్పే. పరిశ్రమలో వీటిని ట్రోజన్ హార్స్ ప్రశ్నలంటారు.

పట్టిక దొంగిలించకుండా ప్రశ్నలను మాత్రమే గుర్తుపెట్టుకుని, జవాబులు తామే వేసి అమ్మేవాళ్లూ ఉంటారు. అక్కడ ఉచ్చు పెట్టాల్సిన పనే లేదు. ఆ జవాబుల్లో ఎలాగూ తప్పులుంటాయి. సంస్థలు ఆ డంప్‌ను మామూలు కొనుగోలుదారుల్లా డబ్బు కట్టి కొంటాయి. ఏ ప్రశ్నలు బయటికి పోయాయో, వాటిలో ఏ జవాబులు తప్పో రాసుకుంటాయి. ఆ తప్పులతో ఎవరి జవాబులు కలుస్తాయో చూస్తాయి. 1927లో బర్డ్ ఇద్దరు విద్యార్థుల తప్పులను పోల్చాడు. ఇప్పుడు ఒకవైపు విద్యార్థి, మరోవైపు డంప్.

డంప్ కొన్నవాడి పరిస్థితి దొంగకు తేలు కుట్టినట్టే. మీరు అమ్మిన జవాబు తప్పని ఎవరి దగ్గర మొరపెట్టుకోగలడు?

ఇవన్నీ ఎలా కలుస్తాయో ఒక లెక్క వేసి చూద్దాం. ఇది నేను కల్పించిన అభ్యర్థి, అంకెలూ నావే. పరీక్షలో 60 ప్రశ్నలు. వాటిలో 40 పాతవి, ఒక డంప్‌లో దొరుకుతున్నవి. 20 కొత్తవి, ఆ వారమే మొదటిసారి పెట్టినవి. వేలమంది ఇతర అభ్యర్థుల లెక్క ప్రకారం ఈ రెండు గుంపులూ సమానమైన కష్టం. మన అభ్యర్థి పాతవాటిలో 38 సరిగ్గా చేశాడు, కొత్తవాటిలో 7 చేశాడు. మొత్తం 45, అంటే 75 శాతం. తెర మీద 'పాస్' అని వచ్చింది.

అతనికి నిజంగా 75 శాతం విషయం తెలుసని అనుకుందాం. అప్పుడు కొత్త 20లో 15 దాకా సరైనవి ఉండాలి. అటూ ఇటూ ఒకటి, రెండు తేడా రావచ్చు. 45 సరైన జవాబులు కేవలం అదృష్టవశాత్తూ పాతవాటి వైపు ఒరిగిపోయి, కొత్తవాటిలో 7 గానీ అంతకన్నా తక్కువగానీ పడే అవకాశం లెక్క కడితే, సుమారు ఎనిమిదిన్నర లక్షల్లో ఒకటి.

ఇప్పుడు గడియారం. పాత ప్రశ్నలకు అందరికీ సగటున 62 సెకన్లు పడితే అతనికి 18 పట్టింది. కొత్తవాటికి అందరికీ 64 పడితే అతనికి 95. పైగా మార్కుల్లేని ఐదు ఉచ్చు ప్రశ్నల్లో ఐదింటికీ డంప్‌లో ఉన్న తప్పు జవాబే ఎంచుకున్నాడు. తేలిక ప్రశ్న కాబట్టి ఆ ఫలానా తప్పును పదిమందిలో ఒకరు చేస్తారనుకున్నా, ఐదుసార్లూ అదే జరగడానికి లక్షలో ఒక్క అవకాశం. మార్కులు, సమయం, తప్పులు అనే మూడు సాక్ష్యాలూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకచోట కలిశాయి. ఒక్కోదానికి ఒక్కో సాకు చెప్పుకోవచ్చు. మూడింటికీ కలిపి సరిపోయే వివరణ ఒక్కటే మిగులుతుంది.

ఒక్క తప్పుకు జీవితకాలమా?

2008లో ఈ పద్ధతులు సిస్కో పరీక్షల్లోకీ వచ్చాయి. ఆ ఏడాది సిస్కో, తన పరీక్షలు నడిపే పియర్సన్ వ్యూతో కలిసి, అభ్యర్థి ఫోటో తీయడం మొదలుపెట్టింది. జవాబుల మీద ఫోరెన్సిక్ విశ్లేషణ చేస్తామని ప్రకటించింది. సెంటర్‌లో చేతికిచ్చే ఫలితం తాత్కాలికమే, తుది ఫలితం తర్వాత వస్తుంది. తెర మీద పాస్ అని చూసి ఇంట్లో స్వీట్లు పంచినవాడికి తర్వాత రద్దు లేఖ వచ్చే వీలు అలా కలిగింది.

సిస్కో నిబంధనల్లో ఒక మాటను డంప్స్ కొనేవారు సాధారణంగా చూడరు. నియమం తప్పినవారిపై ఇక ఏ పరీక్షా రాయకుండా జీవితకాల నిషేధం పెట్టొచ్చు, అంతకుముందు సంపాదించిన సిస్కో సర్టిఫికేషన్లన్నీ రద్దు చేయొచ్చు. అంటే పదేళ్ల కింద నిజాయితీగా చదివి తెచ్చుకున్నది కూడా ఇప్పటి డంప్‌తో పాటే పోవచ్చు. మైక్రోసాఫ్ట్ నియమాల్లోనూ శాశ్వత నిషేధం, సర్టిఫికేషన్ రద్దు ఉన్నాయి. అన్ని సంస్థలూ ఒకేలా ఉండవు, కొన్ని మొదటి తప్పుకు కొంతకాలమే దూరం పెడతాయి.

ఇంత కఠినం ఎందుకు? ఒక కారణం, పట్టుబడేవాళ్లు తక్కువ. పదిమంది డంప్స్‌తో రాస్తే పదిమందీ లెక్కకు చిక్కరు. దొరకడం అరుదైనప్పుడు చిన్న శిక్షకు ఎవరూ భయపడరు. రెండోది, సర్టిఫికెట్ చెప్పే మాట ఒక్కటే: ఈ మనిషి ముందు చూడని ప్రశ్నలకు ఇంతవరకు జవాబు చెప్పగలడు. ఆ మాటను తెలిసి తెలిసి అబద్ధం చేసినవాడు మళ్లీ వస్తే సంస్థ తన పేరుతో ఎలా పూచీ పడుతుంది? మూడోది, ప్రశ్నలు. బయటపడిన ప్రశ్నను బ్యాంకులోంచి తీసేయాలి, దాని వెనకున్న నెలల పని వృథా. ఆ నష్టం తిరిగి పూడేది కాదు.

కొన్నిసార్లు లెక్కల దాకా వెళ్లాల్సిన అవసరమూ ఉండదు. 2008లోనే జీమ్యాట్ నిర్వహించే సంస్థ, ఇంకా వాడుకలో ఉన్న ప్రశ్నలను పంచుతున్న స్కోర్‌టాప్ అనే సైటు మీద కోర్టులో గెలిచింది. ఆ సైటు హార్డ్‌డిస్కు చేతికొచ్చింది. అందులో చందా కట్టినవాళ్ల పేర్లు, వాళ్లు రాసుకున్న సందేశాలు ఉన్నాయి. 84 మంది మార్కులు రద్దయ్యాయి. వారిలో 12 మంది ప్రశ్నలను బయటపెట్టినవాళ్లు. మిగతా 72 మంది చేసిందల్లా, ఇక్కడ చూసిన ప్రశ్నలు పరీక్షలో నాకూ వచ్చాయని రాయడమే. వాళ్ల భుజాలు వాళ్లే తడుముకున్నారు.

మోసం చేసినవాళ్లను ఒక్కొక్కరినీ వేరుచేయలేనప్పుడు ఏమవుతుందో 2010లో భారతీయులకు అనుభవమైంది. అమెరికాలో ఫిజియోథెరపీ చేయాలంటే ఎన్‌పీటీఈ అనే లైసెన్స్ పరీక్ష పాసవ్వాలి. ఆ ఏడాది జులైలో దాన్ని నిర్వహించే రాష్ట్ర బోర్డుల సమాఖ్య, ప్రశ్నలు పద్ధతి ప్రకారం చేతులు మారుతున్నాయని చెబుతూ, ఈజిప్ట్, ఇండియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ కాలేజీల్లో చదివినవారికి పరీక్షలు నిలిపేసింది. తర్వాత ఆ నాలుగు దేశాలవారికి విడిగా ఒక పరీక్ష తెచ్చింది. ఏ ప్రశ్నా కొననివాళ్లూ అందులో ఇరుక్కున్నారు. దొంగ ఎవరో తేల్చలేక ఊరందరి భుజాలూ తడిమి చూసినట్టయింది. 2011 నుంచి ఏ రోజంటే ఆ రోజు రాసే వీలు తీసేసి, ఏడాదిలో కొన్ని తేదీలే పెట్టారు. రోజూ పరీక్ష అన్న పాత సౌకర్యమే మొదటి లొసుగని మళ్లీ ఒప్పుకున్నట్టయింది.

తప్పు మనిషిని పట్టుకోకుండా

లెక్కకు కూడా హద్దులున్నాయి. ఏడాదికి లక్షమంది రాసే పరీక్షలో వెయ్యిలో ఒకటి అనే అవకాశాన్ని అనుమానానికి గీతగా పెట్టుకుంటే, ఏ తప్పూ చేయని వందమంది ఆ గీత దాటుతారు. అందుకే గీతను లక్షల్లో ఒకటి దగ్గర పెడతారు. ఒక్క సూచికతోనే తీర్పు ఇవ్వకుండా రెండు మూడు కలవాలంటారు. దీనివల్ల తప్పించుకునేవాళ్లు ఎక్కువవుతారు. నిరపరాధిని శిక్షించడం కన్నా అదే మేలని సంస్థలు ఆ బేరానికి ఒప్పుకుంటాయి.

అంకెల వెనుక మామూలు కారణాలూ ఉండొచ్చు. పాత ప్రశ్నలన్నీ ఒకే అధ్యాయానివైతే, ఆ పనే రోజూ చేసే ఉద్యోగికి అవి చకచకా వస్తాయి. అందుకే రెండు గుంపుల ప్రశ్నలు విషయంలోనూ సమానంగా ఉన్నాయా అని చూడాలి. రద్దు లేఖ అందుకున్నవాడు అప్పీలులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నన్ను దేనితో పోల్చారు?

ఇంకో చిక్కు ఉంది. ప్రాక్టీస్ టెస్ట్ అనుకుని కొన్నది డంప్ అని తెలియకుండానే చదివినవాడి సంగతేమిటి? నాకు తెలియదన్న మాట దాదాపు ఎక్కడా చెల్లదు. కాబట్టి కొనే ముందే గుర్తుపట్టాలి. అసలైన ప్రాక్టీస్ టెస్ట్ జవాబు ఎందుకు సరైనదో, మిగతావి ఎందుకు కావో వివరిస్తుంది, పరీక్షలో ఇవే ప్రశ్నలు వస్తాయని ఎక్కడా అనదు. డంప్ దీనికి తలకిందులు: వందల ప్రశ్నలు, పక్కన ఒట్టి అక్షరాలు, వివరణ లేదు. నూటికి నూరు శాతం పాస్ గ్యారంటీ, గత వారం పరీక్షలో వచ్చినవే అన్న హామీ మాత్రం ఉంటుంది. ఆ హామీ నిజమైతే కొన్నది దొంగసొత్తు. అబద్ధమైతే డబ్బు వృథా. మూడో దారి లేదు.

మన కల్పిత అభ్యర్థి దగ్గరికి మళ్లీ వెళ్దాం. లేఖ అందుకుని అతను వాదిస్తాడు: నేను చదివాను, నాకు విషయం తెలుసు. అందులో కొంత నిజం ఉంది కూడా. నిజానికి ఆ రోజు అతను రాసిన పరీక్ష 20 ప్రశ్నలదే, మిగతా 40 అతను ఇంట్లో ఎప్పుడో రాసేశాడు. ఆ 20లో 7 వచ్చాయి, అవి అతను నిజంగా నేర్చుకున్నవే. ఆ 7ను నమ్ముకుని మళ్లీ చదువుకుని వచ్చి ఉంటే ఏదో ఒకరోజు పాసయ్యేవాడు. ఇప్పుడు మళ్లీ రావడానికి తలుపు లేదు.